పన్నెండున్నర లక్షలు కట్టినా అసలు ఎందుకు కదల్లేదు?

"మధురవాడలో ఫ్లాట్ కోసం 40 లక్షల హోమ్ లోన్ తీసుకున్నాను. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు, ఈఎంఐ 34,713. మూడేళ్లలో పన్నెండున్నర లక్షలు కట్టాను. మొన్న స్టేట్‌మెంట్ తీస్తే అసలు రెండు లక్షల అరవై వేలే తగ్గింది. బ్యాంకు వాళ్లు వడ్డీ అంతా ముందే లాగేసుకుంటున్నారా? చేతిలో లక్ష బోనస్ ఉంది, కడితే లాభం ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది."

ముందుగా వడ్డీ ఏమీ తీసుకోలేదండీ. ఏ నెల వడ్డీ ఆ నెలే తీసుకున్నారు. నేను వైజాగ్ ద్వారకానగర్‌లో ఒక బ్యాంకు శాఖలో హౌసింగ్ లోన్ల సీట్లో పదకొండేళ్లు పనిచేశాను. "వడ్డీ ముందే లాగేశారు" అన్న మాట వారానికి ఒక్కరి నోటైనా వినేవాణ్ని. ఆ మాట నమ్మి తర్వాత తప్పుడు నిర్ణయాలు తీసుకున్నవాళ్లను కూడా చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

శాతాలు పక్కన పెట్టి, మన ఊళ్లలో వడ్డీ చెప్పుకునే పద్ధతిలోకి రండి. నూటికి రూపాయి వడ్డీ అంటే నెలకు వందకు రూపాయి, ఏడాదికి 12 శాతం. మీ 8.5 ను పన్నెండుతో భాగిస్తే నూటికి నెలకు దాదాపు 71 పైసలు పడుతుంది. మొదటి నెల మీ దగ్గర ఉన్న బ్యాంకు డబ్బు 40 లక్షలు. ఆ లెక్కన దానిమీద నెల వడ్డీ 28,333 రూపాయలు. మీరు కట్టింది 34,713. వడ్డీ పోగా మిగిలింది 6,380. అసలుకు జమ పడేది ఆ మిగిలిందే. ఈఎంఐలో ఇంత వడ్డీకి, ఇంత అసలుకు అని ఎవరూ ముందుగా వాటాలు వేసి పెట్టరు. బాకీని బట్టి వడ్డీ తేలుతుంది, అది పోగా మిగిలింది అసలుకు వెళ్తుంది.

ఇది బ్యాంకులు కనిపెట్టిన పద్ధతి కూడా కాదు. మా నాన్నగారు అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కొట్లో గుమాస్తా. రైతు వచ్చి కొంత డబ్బు కడితే, ప్రామిసరీ నోటు తిరగేసి వెనక చెల్లు రాసేవారు. ముందు ఆ రోజు వరకూ అయిన వడ్డీ లెక్కకట్టి, కట్టిన సొమ్ములోంచి అది తీసి, మిగిలింది అసలులో తగ్గించి, "బాకీ ఇంత" అని కింద గీత గీసేవారు. రైతు తెచ్చిన డబ్బు వడ్డీకే సరిపోతే అసలు అలాగే ఉండిపోయేది. మీ లోన్ స్టేట్‌మెంట్‌లో ప్రతి నెలా జరుగుతున్నది సరిగ్గా అదే చెల్లు.

రెండో నెల చూడండి. బాకీ 39,93,620 కి దిగింది. వడ్డీ 28,288. అసలుకు 6,425. మొదటి నెలకంటే 45 రూపాయలు ఎక్కువ. ఆ 45 ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి నెల మీరు తీర్చిన 6,380 మీద ఇక వడ్డీ లేదు కదా, దానికి నూటికి 71 పైసల చొప్పున ఆదా అయిన సొమ్ము అది. ఆ 45 కూడా అసలుకే చేరింది. అంటే మీరు తీర్చిన అసలు ఊరికే ఉండదు, తర్వాతి నెలల్లో ఇంకొంచెం అసలును తీర్చిపెడుతుంది. కాకపోతే మొదట్లో 6,380 మీద పని మొదలైంది కాబట్టి ఆ పెరుగుదల కంటికి ఆనదు. మూడేళ్లు గడిచాక, 37వ నెలలో, అసలు భాగం 8,225 అవుతుంది, వడ్డీ 26,488. అప్పటికి మొత్తం కట్టింది 12,49,668. అందులో వడ్డీ 9,89,109, అసలు 2,60,559. మీరు చూసిన అంకె ఇదే. మధ్యలో రేటు మారి ఉంటే మీ స్టేట్‌మెంట్‌లో కొంచెం తేడా ఉండొచ్చు, కానీ లెక్క ఒకటే.

మొదటి నెల మిగులు 6,380 మాత్రమే ఎందుకయింది? మీ అసలు బాధ ఇక్కడే ఉంది. దీనికి జవాబు మీరు ఎంచుకున్న గడువు. ఇదే 40 లక్షలు, ఇదే రేటు, గడువు ఒక్కటే మార్చి చూడండి. 15 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ 39,390. మొదటి నెల వడ్డీ అదే 28,333, ఎందుకంటే బాకీ అదే. అసలుకు మాత్రం 11,056 వెళ్తుంది. 30 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ 30,757, అసలుకు 2,423 మాత్రమే. మీ 20 ఏళ్ల ఈఎంఐ కంటే 15 ఏళ్ల ఈఎంఐ 4,677 ఎక్కువ, ఆ ఎక్కువంతా పైసా పోకుండా అసలుకే చేరుతోంది. వడ్డీ అనే మెట్టు ఎవరికైనా ఒకే ఎత్తులో ఉంటుంది. దానిమీద మీరు ఎంత ఎత్తు కడతారన్నదే అసలు. లోన్ తీసుకునేటప్పుడు "ఈఎంఐ ఎంత తగ్గుతుంది" అని గడువు పెంచుకుంటూ పోతే కోత పడేది ఈ పై భాగానికే. 20 నుంచి 30 ఏళ్లకు వెళ్తే నెలకు తగ్గేది నాలుగు వేల లోపే, మొత్తం వడ్డీ మాత్రం 43 లక్షల నుంచి 70 లక్షలు దాటుతుంది. సీట్లో కూర్చున్న రోజుల్లో ఈ అంకె కాగితం మీద రాసి చూపిస్తే చాలామంది అక్కడికక్కడే గడువు తగ్గించుకునేవారు.

ఇక వడ్డీ, అసలు సగం సగం అయ్యేది ఎప్పుడని ఎవరైనా అడిగితే నేను వెనక నుంచి లెక్క చెబుతాను. 8.5 శాతం దగ్గర, ఏ హోమ్ లోన్‌కైనా, ఎంత గడువైనా, చివరి 98 నెలల్లోనే అసలు వాటా వడ్డీ కంటే ఎక్కువగా ఉంటుంది. అంటే చివరి ఎనిమిదేళ్ల రెండు నెలలు. 20 ఏళ్ల లోన్‌లో అది 143వ నెల, పన్నెండేళ్లు నిండబోతున్నప్పుడు. 30 ఏళ్ల లోన్‌లో దాదాపు 22 ఏళ్లు గడవాలి. లోన్ పెద్దదా చిన్నదా అన్నదానితో సంబంధం లేదు, రేటు మాత్రమే దీన్ని నిర్ణయిస్తుంది. మీ బాకీ సగానికి, అంటే 20 లక్షలకు, దిగేది ఇంకా ఆలస్యంగా, 166వ నెలలో. పదేళ్లు కట్టాం కాబట్టి సగం తీరి ఉంటుందనుకుని ఇల్లు అమ్మకానికి పెట్టి, బాకీ అంకె చూసి నిర్ఘాంతపోయినవాళ్లు నాకు తెలుసు.

ఈ అంకెలు మీరే సరిచూసుకోవచ్చు. ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ ఈ రెండు ఫార్ములాలు టైప్ చేయండి. మొదటిది ఈఎంఐ ఇస్తుంది, రెండోది మొదటి 36 నెలల్లో తీరిన అసలు ఇస్తుంది. రెండోది మైనస్ గుర్తుతో వస్తుంది, కంగారు పడకండి.

```
=PMT(8.5%/12, 240, -4000000)
=CUMPRINC(8.5%/12, 240, 4000000, 1, 36, 0)
```

స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని చూస్తే నెల నెలా అంకెలు అచ్చంగా కలవవు. దానికి కారణం ఉంది. ఏ నెల ఎంత వడ్డీ, ఎంత అసలు అని చూపే షెడ్యూలు నెలలన్నీ సమానం అనుకుని వేస్తారు. లోన్ ఖాతాలో మాత్రం చాలా బ్యాంకులు రోజువారీ బాకీ మీద వడ్డీ కడతాయి. ఇప్పటి మీ బాకీ 37,39,441 అనుకుంటే 31 రోజుల నెలకు వడ్డీ 26,996, ఫిబ్రవరికి 24,383. అందుకే మార్చిలో అసలు వెనక్కి తగ్గినట్టు కనిపిస్తుంది. ఇది మోసం కాదు. రోజుల లెక్క. ఏడాది మొత్తం కలిపి చూస్తే దాదాపు సర్దుకుంటుంది.

ఇప్పుడు మీ లక్ష గురించి. ఈ రోజు కడితే రేపటి నుంచి రోజుకు 23 రూపాయల చొప్పున వడ్డీ ఆగిపోతుంది. ఈఎంఐ 34,713 అలాగే ఉంచి గడువు తగ్గించమంటే, మిగిలిన 204 నెలలు దాదాపు 192 కి వస్తాయి. అంటే చివర్లో సుమారు పన్నెండు వాయిదాలు పోతాయి. వడ్డీలో ఆదా మూడు లక్షల పైచిలుకు. అదే లక్ష 15 ఏళ్లు గడిచాక కడితే నాలుగు నెలల పైచిలుకు మాత్రమే తగ్గుతుంది, ఆదా 51 వేలు. ఇంత తేడా ఎందుకంటే, ఇప్పుడు కట్టిన లక్ష 17 ఏళ్లపాటు వడ్డీని ఆపుతుంది, అప్పుడు కట్టింది ఐదేళ్లే ఆపుతుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మూడు లక్షలు ఆదా అంటే ఇప్పుడే చేతికి వచ్చే డబ్బు కాదు, 16 ఏళ్ల తర్వాత కట్టక్కర్లేని వాయిదాలు. రేటు ప్రకారం చూస్తే మీ లక్ష ఏడాదికి 8.5 శాతం సంపాదించినట్టు, అంతే. ఇప్పుడు కట్టినా పదిహేనేళ్ల తర్వాత కట్టినా ఆ రేటు మారదు. కాబట్టి ఆ లక్షే మీ ఇంట్లో ఆపద సొమ్ము అయితే కట్టకండి. ఆసుపత్రి అవసరానికి రెండు రూపాయల వడ్డీకి, అంటే 24 శాతానికి, చేబదులు తెచ్చుకుని, ఇక్కడ 71 పైసల బాకీ తీర్చడంలో అర్థం లేదు. క్రెడిట్ కార్డు బాకీ ఉన్నా ముందు అది తీర్చండి.

మొదట చెప్పిన తప్పుడు నిర్ణయం ఇక్కడే జరుగుతుంది. పదేళ్లు, పన్నెండేళ్లు కట్టినవాళ్లు రిటైర్మెంటు డబ్బు చేతికి వచ్చాక కూడా, "వడ్డీ అంతా ముందే పోయింది, ఇప్పుడు మిగిలింది అసలే, ముందు కట్టి లాభమేముంది" అని లోన్ అలాగే ఉంచి, డబ్బు తక్కువ వడ్డీ వచ్చే డిపాజిట్‌లో వేస్తారు. మీ లోన్‌కే 15 ఏళ్ల తర్వాత బాకీ 16,91,950 ఉంటుంది. ఆ నెల దానిమీద నూటికి అదే 71 పైసలు పడుతుంది, దాదాపు 11,985 రూపాయలు. ముందు కట్టిన వడ్డీ ముందు వాడుకున్న డబ్బుకు. మిగిలిన బాకీకి రాబోయే నెలల వడ్డీ ఇంకా ఒక్క పైసా కట్టలేదు.

టెన్షన్ పడాల్సిన చోటు నిజంగా ఒకటుంది. అది రేటు పెరిగి ఈఎంఐ పెరగకపోవడం. గాజువాక వైపు నుంచి ఒకాయన 2023లో తన కాగితాలు తెచ్చి మా ఇంటికి వచ్చారు. 2021లో వేరే చోట 30 లక్షలు, 6.9 శాతానికి, 20 ఏళ్లకు తీసుకున్నారు. ఈఎంఐ 23,079. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, అంటే రెపో రేటును, రిజర్వ్ బ్యాంకు 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. ఆయన లోన్ రెపోకు ముడిపడినది కాబట్టి 9.4 కి చేరింది. బాకీ 29 లక్షలు. కొత్త రేటుకు నెల వడ్డీ 22,717. ఈఎంఐ మారలేదు. అసలుకు వెళ్తున్నది 362 రూపాయలు! ఆ ఈఎంఐతోనే తీర్చాలంటే లెక్క ప్రకారం ఇంకా 532 నెలలు, అంటే 44 ఏళ్లు పడుతుంది. ఆయనకు అప్పటికి నలభై ఆరేళ్లు. ఖాతాలోంచి ప్రతి నెలా అదే మొత్తం పోతోంది కాబట్టి ఏమీ మారలేదనుకున్నారు. మెసేజ్ వచ్చిందట గానీ అందులో గడువు సంగతి గమనించలేదు.

ఇలాంటివి ఎక్కువవడంతో రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఒక ఆదేశం ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంతా అన్నది తీసుకున్నవాళ్లను అడగాలి. గడువు పొడిగిస్తే ఈఎంఐ కనీసం ఆ నెల వడ్డీకైనా సరిపోవాలి, బాకీ పెరగకూడదు. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో అప్పటివరకు కట్టిన అసలు, వడ్డీ, ఈఎంఐ, మిగిలిన వాయిదాలు, రేటు చూపించాలి. గాజువాక ఆయన ఈఎంఐ నాలుగు వేల పైచిలుకు పెంచించుకుని లోన్‌ను మళ్లీ మొదటి 20 ఏళ్ల గడువు లోపలికి తెచ్చుకున్నారు. మీరు కూడా స్టేట్‌మెంట్‌లో ముందుగా చూడాల్సింది ఈఎంఐ కాదు, మిగిలిన నెలల సంఖ్య. మూడేళ్ల తర్వాత అది 204 దగ్గర ఉండాలి. 230, 250 అని ఉంటే మధ్యలో రేటు పెరిగి గడువు సాగిందని అర్థం. తక్కువ ఉంటే రేటు తగ్గి మీకే మేలు జరిగింది, ఈఎంఐ తగ్గించమని అడక్కండి.

తక్కువ రేటని ఇంకో బ్యాంకుకు లోన్ మార్చేటప్పుడు కూడా ఇదే చూసుకోండి. కొత్తగా 20 ఏళ్ల గడువు రాస్తే ఈఎంఐ బాగా తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ మూడేళ్లు వెనక్కి పోయి పలచటి అసలు దగ్గర మళ్లీ మొదలుపెడతారు. మారితే 17 ఏళ్లకే మారండి.

లక్ష కట్టాలని నిర్ణయించుకుంటే పద్ధతి ఇది. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌కు ముందు కట్టినందుకు బ్యాంకులు పెనాల్టీ వేయకూడదు, 2012 నుంచీ నిబంధన ఉంది. యాప్‌లోంచి ఊరికే లోన్ ఖాతాకు పంపేయకండి. కొన్నిచోట్ల దాన్ని ముందస్తు వాయిదాలుగా పెట్టుకుంటారు, అప్పుడు మీరు కోరుకున్నది జరగదు. శాఖకు వెళ్లి, "ఈ లక్ష పార్ట్ పేమెంటుగా అసలుకు జమ చేయాలి, ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించాలి" అని కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. గడువు బదులు ఈఎంఐ తగ్గిస్తే నెలకు 928 మిగులుతుంది, వడ్డీలో ఆదా మూడు లక్షల బదులు 89 వేల దగ్గర ఆగుతుంది. నెల ఖర్చులకు నిజంగా ఇబ్బందిగా ఉంటే అదీ తప్పేం కాదు, కానీ అది మీరు ఎంచుకోవాలి, కంప్యూటర్ కాదు.

తర్వాత కొత్త షెడ్యూలు అడిగి తీసుకోండి. అందులో వచ్చే నెల వడ్డీ 26,488 బదులు 25,779, అసలు 8,225 బదులు 8,934 దగ్గర ఉండాలి, మిగిలిన నెలలు 193 ఉండాలి, చివరిది చిన్న వాయిదా. నెలలు ఇంకా 204 అనే ఉండి ఈఎంఐ 33,785 కి దిగితే, వాళ్లు ఈఎంఐ తగ్గించారని అర్థం. ముద్ర వేసిన నకలు పట్టుకుని ఆ వారంలోనే వెళ్లి మార్పించుకోండి.